ఫోర్ ఆఫ్ వాండ్స్ వచ్చింది, పెళ్లి మాత్రం కాలేదు

"అక్కా, నేను ప్రేమించిన అబ్బాయితో పెళ్లి గురించి ఫిబ్రవరిలో మీరు టారో కార్డులు తీసినప్పుడు లాస్ట్ కార్డు ఫోర్ ఆఫ్ వాండ్స్ వచ్చింది, పెళ్లి కార్డు అన్నారు, నాలుగు నెలలన్నారు. జూన్ అయిపోయింది. మొన్న ఇంకొకావిడ దగ్గర తీయిస్తే టవర్ వచ్చింది, ఈ పెళ్లి జరగదు అంది. ఎవరిది నిజం? ఇంట్లో వేరే సంబంధం చూశారు, శ్రావణం లోపు ఏదో ఒకటి చెప్పమంటున్నారు. ఈసారి అవునో కాదో గ్యారంటీగా చెప్పండి అక్కా, ఫీజు డబుల్ పంపించా."

చెల్లీ, నీ మెసేజ్ నిన్న రాత్రే చూశా. ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయా, ఎందుకంటే ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోయి "ఆగు ఒక్క కార్డు తీస్తా" అంటాను, మళ్లీ మొదటికొస్తాం. అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఫిబ్రవరిలో "నాలుగు నెలల్లో" అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది. నిన్న రాత్రి నా నోట్‌బుక్ తీశా, నీ రీడింగులన్నీ తేదీలతో సహా రాసి పెట్టుకుంటానని నీకు తెలుసు కదా. పోయిన ఆగస్టు నుంచి నా దగ్గర నాలుగుసార్లు తీయించావు, ఆవిడతో కలిపి ఐదు. ప్రతిదాని పక్కన నేను నీకేం చెప్పానో కూడా రాసుంది. అవన్నీ వరసగా చదువుకుంటే నాకే సిగ్గేసింది, ఎందుకో చెప్తా.

ఆగస్టులో సెల్టిక్ క్రాస్ పద్ధతిలో వేశాం, 10 కార్డులు, ఒక్కో చోటుకీ ఒక్కో అర్థం. అందులో తొమ్మిదో చోట టూ ఆఫ్ కప్స్, పదో చోట సెవెన్ ఆఫ్ పెంటకిల్స్. టూ ఆఫ్ కప్స్ చూడగానే నువ్వు "అక్కా ఇది లవ్ కార్డే కదా" అన్నావు, నేను కూడా "అబ్బ ఎంత బావుందో" అన్నా. కానీ తొమ్మిదో చోటు దేనిదీ? నీ ఆశలు, నీ భయాలు, రెండూ కలిపి కూర్చునే చోటు అది. అక్కడ టూ ఆఫ్ కప్స్ పడితే మీరిద్దరూ ఒకటవుతారని కాదు, నువ్వు దాన్ని ఎంత కోరుకుంటున్నావో, అంత భయపడుతున్నావని. ఆ ముక్క నాకు తెలీక కాదు, నీ మొహం చూసి మింగేశా. ఇక పదోది, సెవెన్ ఆఫ్ పెంటకిల్స్, బొమ్మలో ఒక రైతు కర్రకి ఆనుకుని నిలబడి పాదుకి కాసిన కాయల వంక చూస్తుంటాడు. కొయ్యడు, తవ్వడు, చూస్తుంటాడంతే. దానికి నేనేం చెప్పా? "ఓపిక పట్టు, ఫలం వస్తుంది". అదే బొమ్మని "ఇన్నాళ్లు నీళ్లు పోశావు, ఇది అసలు గిట్టుబాటు అవుతుందో లేదో ఇప్పుడైనా లెక్క చూసుకో" అని కూడా చదవొచ్చు, మాటకొస్తే అదే సరైన చదువు. నీకు వినబుద్ధి కానిది అది.

నవంబర్లో మూడు కార్డులే తీశాం, "తను వాళ్లమ్మతో మాట్లాడతాడా" అని అడిగావు. టూ ఆఫ్ స్వోర్డ్స్, పేజ్ ఆఫ్ కప్స్, చివర హైరోఫాంట్ తలకిందులుగా. కళ్లకి గంతలు కట్టుకుని రెండు కత్తులు అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆవిడ బొమ్మ నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు దాన్ని "తను ఇంకా డిసైడ్ అవ్వలేదు" అని చెప్పా. ఆ కార్డు తనదేనని నాకు ఎవరు చెప్పారు? రీడింగుకి వచ్చింది నువ్వు, షఫుల్ మధ్యలో "స్టాప్" అన్నది నువ్వు, ప్రశ్న నీది. ఆ గంతలు నీకు కట్టినవి కూడా అయ్యుండొచ్చు కదా.

ఫిబ్రవరిలో ఫోర్ ఆఫ్ వాండ్స్. ఏప్రిల్లో మళ్లీ టూ ఆఫ్ కప్స్, ఈసారి తలకిందులు, నేను రాసుకున్న మాట "ఆలస్యం". అంతే.

ఇప్పుడు నాకు సిగ్గెందుకేసిందో చూడు. మంచి కార్డు వస్తే "జరుగుతుంది" అన్నా. అదే కార్డు తిరగబడి వస్తే "ఆలస్యంగా జరుగుతుంది" అన్నా. ఏ సంబంధం లేని కార్డు వస్తే "ఓపిక పడితే జరుగుతుంది" అన్నా. ఆ టవర్ నా దగ్గర పడి ఉంటే ఏమనేదాన్నో కూడా నాకు తెలుసు, "పాతది కూలితేనే కొత్తది కట్టుకుంటాం రా, అడ్డంకులు కూలిపోతున్నాయి" అనేదాన్ని, చాలామందికి అన్నాను కూడా. మరి ఆ 78 కార్డుల్లో ఏది పడితే నేను నీకు "కాదు" అని చెప్పేదాన్ని? రాత్రంతా ఆలోచించా, ఒక్కటీ దొరకలేదు. ఏ కార్డు పడినా అవును అని వచ్చేట్టు చదివేదానికి గ్యారంటీ అని పేరు పెడితే ఎలా చెప్పు. ఆవిడ సంగతీ అంతే, కాకపోతే ఆవిడ అటు వైపు నుంచి.

నువ్వు అడిగిన "ఎవరిది నిజం" సంగతికి వస్తా. దీనికి కొంచెం లెక్క కావాలి, భయపడకు, చిన్న లెక్కే, మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు కదా, వాడే వేసిచ్చాడు. మన డెక్‌లో 78 కార్డులు. 22 మేజర్ ఆర్కానా, అంటే టవర్, లవర్స్ లాంటి పెద్ద కార్డులు, మిగతా 56 నాలుగు సూట్లు, ఒక్కోదానికి 14. వీటిల్లో పెళ్లి అనగానే అందరం ఎగిరి గంతేసేవి ఓ ఐదుంటాయి అనుకో, లవర్స్, హైరోఫాంట్, టూ ఆఫ్ కప్స్, టెన్ ఆఫ్ కప్స్, ఫోర్ ఆఫ్ వాండ్స్. బాగా కలిపిన డెక్ నుంచి 10 కార్డులు తీస్తే ఈ ఐదింట్లో కనీసం ఒకటైనా వచ్చే ఛాన్స్ సుమారు 50 శాతం. అంటే బొమ్మా బొరుసే. నువ్వు మా ఇంటి పిల్లి పెళ్లి గురించి అడిగినా సగం సార్లు పెళ్లి కార్డు వస్తుంది.

ఇంకా ఉంది. నువ్వు సెల్టిక్ క్రాస్ నా దగ్గర మూడుసార్లు, ఆవిడ దగ్గర ఒకసారి, మొత్తం నాలుగుసార్లు వేయించావు. నాలుగుసార్లలో ఎక్కడో ఒకచోట పెళ్లి కార్డు పడే ఛాన్స్ 94 శాతం. ఇప్పుడు అవతలి వైపు చూడు, చూడగానే గుండె జారే కార్డులు కూడా ఓ ఐదు తీసుకుందాం, టవర్, డెవిల్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, ఫైవ్ ఆఫ్ కప్స్. అవీ ఐదే, అదే డెక్, కాబట్టి వాటికీ అదే 94. అంటే నాలుగుసార్లు అడిగినవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందికి ఒక "అవును", ఒక "కాదు" రెండూ చేతిలో ఉంటాయి. నీకు ఫోర్ ఆఫ్ వాండ్స్, టవర్ రెండూ రావడంలో మీ ఇద్దరి కథ ఏమీ లేదు చెల్లీ, నాలుగుసార్లు అడిగావు, అంతే. ఐదోసారి అడిగితే మూడోది వస్తుంది, అప్పుడు ముగ్గురిలో ఎవరిది నిజం అంటావు.

నమ్మకపోతే ఇంట్లో చేసి చూడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిన్న డెక్ ఉందన్నావు కదా, మంచి కార్డులు ఐదు, చెడ్డవి ఐదు ఒక కాగితం మీద రాసుకుని, ఏ ప్రశ్నా అడక్కుండా బాగా కలిపి పది తీయి, ఏవి పడ్డాయో టిక్ పెట్టుకో, మళ్లీ కలుపు, అలా ఓ ఇరవైసార్లు. గంట పని. టీవీ చూస్తూ చేసుకోవచ్చు.

"మరి టూ ఆఫ్ కప్స్ నాకు రెండుసార్లు వచ్చింది కదా అక్కా, వెంటపడుతోంది" అంటావని తెలుసు, ఏప్రిల్లో అన్నావు కూడా. దానికి ఇంకా చప్పటి కారణం ఉంది. ఏదో ఒక కార్డు రెండు స్ప్రెడ్లలోనూ రావడం మామూలే, పదేసి కార్డులు తీస్తున్నాం కాబట్టి ఒక్కటైనా రిపీట్ అయ్యే అవకాశమే ఎక్కువ. దానికితోడు నేను కలిపే పద్ధతి. రీడింగ్ అయ్యాక కార్డులన్నీ ఒక కుప్పగా తీసి డెక్ మీద పెడతా, తర్వాతి మనిషికి చేతిలో పట్టుకుని కొంచెం కొంచెంగా జారవిడుస్తూ నాలుగైదు సార్లు కలుపుతా. అలా కలిపితే పక్కపక్కన ఉన్న కార్డులు చాలావరకు పక్కపక్కనే ఉండిపోతాయి. పేకాటలో రెండు సగాలు చేసి టకటకా దోపి కలుపుతారు చూడు, అలా అయితే 52 ముక్కల పేకకి ఏడుసార్లు కావాలని గణితం వాళ్లు లెక్క తేల్చారు. టారో కార్డులు పెద్దవి, అంచులు నలుగుతాయని మేం అలా కలపం. కాబట్టి నా డెక్‌లో ఒకే గుంపు ఒకే రోజు ముగ్గురు క్లయింట్లకి రావడం నేను చూస్తూనే ఉంటా. ముగ్గురూ "నాకోసమే వచ్చింది" అనుకుంటారు. ఇది మా వాళ్లు బయటికి చెప్పరు, నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకు (చెప్పినా పర్లేదులే).

ఇక ఫోర్ ఆఫ్ వాండ్స్ సంగతి. ఆ బొమ్మ చూస్తే మన వాళ్లెవరికైనా పెళ్లే గుర్తొస్తుంది, నాలుగు రాటలు పాతి పైన పూలదండ కట్టి ఉంటుంది, అచ్చం పెళ్లి పందిరి. వెనకాల ఇద్దరు చేతుల్లో పూలు ఎత్తి పట్టుకుని ఉంటారు. కానీ మనం వాడే ఈ రైడర్ వెయిట్ డెక్ 1909లో లండన్లో అచ్చయింది, బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్, గీయించింది వెయిట్ అనే ఆయన. ఆ వెయిట్ ఈ కార్డుకి రాసిన అర్థాల్లో పల్లె జీవితం, తలదాచుకునే చోటు, పంట ఇంటికొచ్చిన సంబరం, విశ్రాంతి, సామరస్యం ఇలాంటివి ఉంటాయి, పెళ్లి అన్న మాట లేదు. అది తర్వాత వాళ్లు కలుపుకున్నది. పెళ్లి అని ఆయన హైరోఫాంట్‌కి రాశాడు, అది కూడా ఎలా రాశాడంటే పెళ్లి, పొత్తు, చెర, దాస్యం అని ఒకే వరసలో. ఆ మాట నేను పెళ్లైన క్లయింట్లకి చెప్తే పడీపడీ నవ్వుతారు. అసలు టారో అన్నదే 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడుకున్న పేకాట, దానితో జోస్యం చెప్పడం ఊపందుకున్నది 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో. ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని యూట్యూబ్‌లో చెప్తారు చూడు, ఆ కథ కూడా 1781లో ఒక ఫ్రెంచాయన మొదలెట్టిందే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కార్డుకి అర్థం అన్నది దాని లోపల పుట్టి ఉండదు, మనుషులు కాలక్రమంలో అతికించుకుంటూ వచ్చారు, గుంటూరు పిల్ల చూస్తే పెళ్లి పందిరి, ఇంగ్లండ్ వాడు చూస్తే పంటల పండగ.

ఆ "నాలుగు నెలలు" ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తా. కార్డు మీద నాలుగు ఉంది కాబట్టి నాలుగు. నెలలు ఎందుకు? ఎందుకంటే... ఏమో. వాండ్స్ అంటే రోజులు అని ఒకరు, వారాలని ఒకరు, అలా ఒక్కో స్కూల్ ఒక్కోటి చెప్తుంది. ఋతువుల లెక్క అయితే వాండ్స్ స్ప్రింగ్ అంటారు కొందరు, సమ్మర్ అంటారు ఇంకొందరు, మన గుంటూర్లో స్ప్రింగ్ ఎక్కడేడ్చింది, మార్చి నుంచే మాడిపోతుంటే. గోల్డెన్ డాన్ అని ఒక పాత ఇంగ్లీష్ గుంపు ఉండేది, వాళ్ల పద్ధతిలో అయితే ఈ కార్డు మేష రాశిలో చివరి పది డిగ్రీలకి, అంటే దాదాపు ఏప్రిల్ 11 నుంచి 20 దాకా. చూశావా, ఒకే కార్డుకి నాలుగు రోజులు, నాలుగు వారాలు, వేసవి, ఏప్రిల్ మధ్యలో. అది ఫిబ్రవరి కాబట్టి, నాలుగు రోజులన్నా నాలుగు వారాలన్నా నమ్మబుద్ధి కాదు కాబట్టి, నా నోటికి "నెలలు" వచ్చింది. కార్డు చెప్పలేదు, నా నోరు చెప్పింది. మూఢాలు, ఆషాఢం, శూన్యమాసం ఇవేవీ ఆ కార్డుకి తెలీవు, మన పురోహితుడి పంచాంగంలో కనీసం ముహూర్తం ఉందో లేదో అయినా రాసుంటుంది.

ఇంకో తమాషా చూడు. ఫిబ్రవరిలో పెళ్లి జరిగింది! నీది కాదు, ఆ అబ్బాయి చెల్లెలిది, మాఘమాసంలో. నువ్వే ఫొటోలు పంపావు. నేను కావాలంటే ఇప్పుడు "చూశావా, కార్డు తప్పలేదు, ఆ ఇంట్లో పందిరి పడుతుందని చెప్పింది, ఎవరిదో మనం తప్పుగా అర్థం చేసుకున్నాం" అనొచ్చు, నువ్వు కూడా "అవునక్కా నిజమే" అని నమ్ముతావు, నా పేరు నిలబడుతుంది. ఈ వృత్తిలో పేర్లు నిలబడేది చాలావరకు ఇలాగే. ఒక మాట వదులుతాం, తర్వాత జరిగిన వాటిల్లోంచి దానికి సరిపోయేది వెతుక్కుంటాం. ఊళ్లోకి సోదమ్మ వచ్చి "నీ మనసులో ఒకటుంది, అది బయటికి రావట్లేదు తల్లీ" అంటే మా అమ్మమ్మ వెంటనే చేటలో బియ్యం తెచ్చేది. మనసులో ఒకటి లేనిదెవరికి.

అందుకే ఇక్కడ్నుంచి ఎవరి దగ్గరైనా చూపించుకుంటే ఒక్క పని చెయ్యి. వాళ్లు చెప్పింది అప్పటికప్పుడే వాళ్ల మాటల్లోనే రాసుకుని తేదీ వెయ్యి, కింద "ఏం జరిగితే ఇది తప్పైనట్టు" అని వాళ్లనే అడిగి రాయి. ఆ రెండో ప్రశ్నకి తడబడితే అక్కడ జోస్యం లేదు, మాట నేర్పు ఉంది. నన్ను కూడా అలాగే అడుగు.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఈ పెళ్లి దేని మీద ఆగి ఉంది? నాకు నువ్వు చెప్పినదాన్నే తిరిగి చెప్తున్నా. నాలుగేళ్ల నుంచి ఒకే ఆఫీసు, కులం వేరు, వాళ్లమ్మ ఒప్పుకోదని తన భయం. పోయిన ఆగస్టులో "చెల్లి పెళ్లి అవ్వనీ, తర్వాత మాట్లాడతా" అన్నాడు. చెల్లి పెళ్లి ఫిబ్రవరిలో అయింది. ఏప్రిల్లో "నాన్నకి ఆరోగ్యం బాలేదు, కాస్త ఆగు" అన్నాడు. ఇప్పుడు జూలై. వాళ్లింట్లో నీ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఇందులో కార్డు తేల్చేది ఏముంది? తను నోరు విప్పాలి, వాళ్లమ్మ వినాలి, మీ నాన్న వినాలి, నువ్వు ఎంతకాలం ఆగుతావో నువ్వు తేల్చుకోవాలి. ఇవన్నీ మనుషులు రేపు తీసుకోబోయే నిర్ణయాలు, ఇంకా తీసుకోనే లేదు, తీసుకోని నిర్ణయం నా టేబుల్ మీద ఎలా కనపడుతుంది. పైగా ఆ నలుగురిలో నా ఎదురుగా కూర్చున్నది నువ్వొక్కదానివే. నువ్వు ఉన్నచోట నీ గురించి ఏదైనా తడితే తడుతుంది, అది కూడా నీ మొహం, నీ గొంతు, నువ్వు ఏ బొమ్మ దగ్గర ఆగిపోయావు అన్నది చూసి. తన మనసులో ఏముందో నాకు చెప్పే దారి లేదు. చట్టం ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే వాళ్లమ్మ సంతకం అక్కర్లేదని తనకీ తెలుసు, నీకూ తెలుసు, కాబట్టి ఆగింది చట్టం దగ్గర కాదు.

ఒక సంగతి నేను నీకు ఎప్పుడో చెప్పాల్సింది. పోయిన ఆగస్టు నుంచి నువ్వు నన్ను అడిగిన ప్రతి ప్రశ్నా తన గురించే. "తను మాట్లాడతాడా, తను ఏమనుకుంటున్నాడు, తన మనసు మారుతుందా". నోట్‌బుక్‌లో వరసగా చూస్తే తెలిసింది. ప్రతిసారీ తనని అడగాల్సింది నన్ను అడిగావు, నేను జవాబు ఇచ్చా, నువ్వు తేలికపడి ఇంటికెళ్లావు, తనని అడక్కుండా మళ్లీ రెండు మూడు నెలలు గడిచిపోయాయి. నా రీడింగ్ నీకు చేసిన పని అదీ. తలనొప్పి బిళ్లలా పనిచేశా. ఇంకోసారి తీస్తే, అవును అని వస్తే మీవాళ్లు చూసిన సంబంధాన్ని అసలు ఆలోచించకుండానే వద్దంటావు, కాదు అని వస్తే తనతో ఒక్క మాట తేల్చుకోకుండానే నాలుగేళ్లు వదిలేస్తావు. రెండూ ఒక అట్టముక్క చూసి.

గ్యారంటీ అడిగావు కాబట్టి గ్యారంటీ ఇచ్చేవాళ్ల గురించి కూడా కొంచెం. నా పాత క్లయింట్ ఒకమ్మాయి, ఊరు పేరు వద్దు, అచ్చం నీలాగే నన్ను అడిగి, నేను నీళ్లు నమిలితే వేరే చోటికి వెళ్లింది. అక్కడ మొదటి రీడింగ్ చాలా చవక. రీడింగ్‌లో "పెళ్లి ఖాయం, కానీ ఒక స్త్రీ చేసిన దిష్టి అడ్డం ఉంది" అన్నారట. ఆ దిష్టి తియ్యడానికి కొవ్వొత్తుల పూజ, దానికి కొంత. తర్వాత అబ్బాయి ఫొటో, బట్ట ముక్క తెమ్మని ఇంకొంత. జరగలేదేమని అడిగితే "పూజ మధ్యలో నువ్వు అనుమానపడ్డావు, అందుకే తేడా కొట్టింది, మొదట్నుంచి చెయ్యాలి". గమనించావా, గ్యారంటీ వాళ్లది, తప్పు మాత్రం ఎప్పుడూ క్లయింట్‌ది. నగలు తాకట్టు పెట్టేదాకా వెళ్లి ఆగింది. ముందు చవక, తర్వాత అడ్డంకి, తర్వాత ఆ అడ్డంకికి రేటు, ఈ మూడు మెట్లు కనపడితే చాలు, మూడో మెట్టు దాకా ఎక్కక్కర్లేదు. మొన్నటి ఆవిడ నిన్ను టవర్ చూపించి భయపెట్టి రెమెడీ ఏదైనా చెప్పిందా? చెప్తే డబ్బు కట్టకు. ఆన్‌లైన్‌లో ఇప్పటికే కట్టి ఉంటే లేట్ చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, cybercrime.gov.in లో కూడా కంప్లైంట్ పెట్టొచ్చు. సిగ్గుపడకు, చదువుకున్నవాళ్లు కూడా పడతారు ఇందులో.

"అయితే ఇన్నేళ్లు నువ్వు చేసింది ఏంటక్కా, అంతా ఉత్తిదేనా" అని అడుగుతావేమో. ఉత్తిది అనను. బొమ్మ ఎదురుగా పెట్టుకుంటే మనిషి మామూలుగా చెప్పలేనిది చెప్తుంది, అది నేను రోజూ చూస్తున్నా. ఆగస్టులో ఆ రైతు బొమ్మ చూసి నువ్వు ఒక్క క్షణం ఆగి "ఇతను అలిసిపోయాడక్కా" అన్నావు, గుర్తుందా? నేను రాసుకున్నా. ఆ రోజు రీడింగ్ మొత్తంలో పనికొచ్చిన మాట అదొక్కటే, అది కూడా నీ నోట్లోంచి వచ్చింది, దాని మీద నేను "ఓపిక పట్టు" అని దుప్పటి కప్పేశా. కార్డులు చెయ్యగలిగింది అంతవరకు. ఎవరు ఎవర్ని చేసుకుంటారు, ఏ నెలలో చేసుకుంటారు అన్నది వాటి పరిధి కాదు, మా కార్డులే కాదు, జాతకంలో ముప్పైకి పైగా గుణాలు కలిసిన జంటలు కోర్టు మెట్లెక్కడం మన చుట్టాల్లోనే చూశాం కదా.

కాబట్టి ఈ ప్రశ్న మీద నేను ఇక కార్డు తియ్యను. నువ్వు చెయ్యాల్సింది చెప్తా, నచ్చితే చెయ్యి. ఈ ఆదివారం లోపు తనని కలువు, ఫోన్లో వద్దు, చాట్‌లో అసలే వద్దు. "మీ అమ్మగారితో ఏ రోజు మాట్లాడతావు" అని ఒక్కటే అడుగు. మాట్లాడతావా లేదా అని అడక్కు, దానికి "మాట్లాడతాలే" అని వస్తుంది, నాలుగేళ్ల నుంచి వస్తున్నదే. తేదీ అడుగు. తేదీ చెప్తే ఆ తేదీ దాకా మీవాళ్లని ఆపు, మీ నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పి ఆపు, అంతా చెప్పకుండా "ఇప్పుడే వద్దు" అంటే ఆయన వేరే రకంగా అనుకుంటారు. తేదీ చెప్పకుండా మళ్లీ ఏదో కారణం చెప్తే, ఆ కారణం ఏంటో కాగితం మీద రాసుకుని, చెల్లి పెళ్లి, నాన్న ఆరోగ్యం, వాటి కింద మూడోదిగా పెట్టి ఒకసారి చదువుకో. నాకు పంపక్కర్లేదు.

మీవాళ్లు చూసిన అబ్బాయి సంగతి వేరే ప్రశ్న, దీనికి జవాబుగా దాన్ని వాడుకోకు. పాపం ఆ అబ్బాయికి ఇదేమీ తెలీదు.

తనతో మాట్లాడాక, ఏ సమాధానం వచ్చినా సరే, నా దగ్గరికి రావాలనిపిస్తే రా, టీ పెడతా. కార్డులు కావాలంటే మూడు తీద్దాం, నీ గురించి మాత్రమే, నువ్వు దేన్ని చూడకుండా తప్పించుకుంటున్నావు లాంటివి. వాటికి తేదీలు చెప్పను, డబ్బులు తీసుకోను.

నువ్వు పంపిన డబుల్ ఫీజు పొద్దున్నే వెనక్కి వేశా, ఫిబ్రవరి రీడింగ్ డబ్బులు కూడా కలిపి వేశా. వచ్చాయో లేదో చూసుకుని ఒక మెసేజ్ పెట్టు.